బ్లాక్‌చెయిన్ లెడ్జర్, మైనింగ్, స్టేకింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ విషయంలో పదే పదే వచ్చే సందేహాలన్నీ దాదాపు ఒకే చిక్కుముడి దగ్గర మొదలవుతాయి. డబ్బు ఎవరిదో తేల్చేది సంతకం. ఆ సంతకం చెల్లుతుందా లేదా అని చూసేది నోడ్, అంటే లెడ్జర్ అనే పద్దుల పుస్తకం నకలు ఉంచుకుని తనిఖీ చేసే కంప్యూటర్. ఒకే డబ్బును రెండుసార్లు ఖర్చు పెట్టాలని చూస్తే, ఏది ముందు వచ్చిందో తేల్చేది, యంత్రాల పనితో నడిచే మైనింగ్ లేదా తాళం వేసిన డబ్బు పూచీతో నడిచే స్టేకింగ్. ఈ మూడు పనులూ మూడు వేర్వేరు చేతుల్లో ఉన్నాయి. వాటిని కలగలిపి చూస్తే ఏదీ సరిగా అర్థం కాదు. లెడ్జర్, మైనింగ్ గురించిన జవాబులు బిట్‌కాయిన్‌ను, స్టేకింగ్ గురించినవి ఎథీరియంను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఏ ప్రశ్నకైనా నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## లావాదేవీ రాసే దశ

నా వాలెట్‌లో కనిపించే బ్యాలెన్స్ లెడ్జర్‌లో ఎక్కడ రాసి ఉంటుంది?

బిట్‌కాయిన్‌లో అయితే ఎక్కడా రాసి ఉండదు. లెడ్జర్‌లో ఉండేవి బ్లాక్‌లు అనే కట్టలుగా చేరిన లావాదేవీలు మాత్రమే. ప్రతి లావాదేవీ పాత లావాదేవీల నుంచి వచ్చిన కొన్ని మొత్తాలను పూర్తిగా ఖర్చు చేసి, కొత్త మొత్తాలను పుట్టిస్తుంది. ఇంకా ఎవరూ ఖర్చు చేయని మొత్తాల్లో మీ రహస్య సంఖ్య అయిన కీతో తెరుచుకునేవి ఎన్ని ఉన్నాయో వెతికి, కూడి, వాలెట్ మీకు ఒక అంకె చూపిస్తుంది.

2009 జనవరి 12న 170వ బ్లాక్‌లో చేరిన లావాదేవీ దీనికి మంచి ఉదాహరణ. సతోషీ నకమోటో అనే పేరుతో బిట్‌కాయిన్‌ను తయారుచేసిన వ్యక్తి హాల్ ఫిన్నీకి 10 బిట్‌కాయిన్లు పంపారు. ఒక మనిషి నుంచి మరో మనిషికి వెళ్లిన మొదటి బిట్‌కాయిన్ చెల్లింపు అదే. దాని గుర్తింపు సంఖ్య ఇది:

```
f4184fc596403b9d638783cf57adfe4c75c605f6356fbc91338530e9831e9e16
```

లెడ్జర్‌ను చూపించే వెబ్‌సైట్ అయిన బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో దీన్ని తెరిచి చూడండి. ఎడమవైపు ఒకే ఒక్క మొత్తం, 50 బిట్‌కాయిన్లు, కనిపిస్తుంది. అది 9వ బ్లాక్ మైనింగ్‌కు వచ్చిన బహుమతి. కుడివైపు రెండు మొత్తాలుంటాయి: ఫిన్నీకి 10, పంపినవారికే తిరిగొచ్చిన చిల్లర 40. పాత 50ని సగంలో ఆపి 10 మాత్రమే తీయడం కుదరదు. మొత్తం ఖర్చు చేసి, మిగిలింది తమకు తామే పంపుకోవాలి. ఎడమవైపు మొత్తం నుంచి కుడివైపు మొత్తం తీసేస్తే మిగిలేది ఫీజు. ఈ లావాదేవీలో అది సున్నా.

చిల్లర వెనక్కి పంపుకోవడం మరిచిపోతే ఆ డబ్బంతా ఫీజు కింద మైనర్‌కు పోతుంది. వాలెట్లు ఈ లెక్క వాటంతట అవే చేస్తాయి కానీ, లావాదేవీని చేత్తో తయారుచేసుకునేవాళ్లు ఇక్కడే పెద్ద మొత్తాలు పోగొట్టుకుంటారు. ఎథీరియం పద్ధతి వేరు. అక్కడ ప్రతి ఖాతాకూ బ్యాలెన్స్ నేరుగా నమోదై ఉంటుంది. దాంతోపాటు ఆ ఖాతా ఇప్పటిదాకా ఎన్ని లావాదేవీలు పంపిందో చెప్పే వరుస సంఖ్య కూడా ఉంటుంది. ఒకే వరుస సంఖ్య రెండుసార్లు చెల్లదు కాబట్టి, ఒకే చెల్లింపును ఎవరూ రెండోసారి అమలు చేయించలేరు.

సంతకం నిజానికి దేన్ని కాపాడుతుంది?

ఏ పాత మొత్తం ఖర్చవుతోంది, ఎవరికి ఎంత వెళ్తోంది అన్న వివరాలను. మామూలు సంతకంలో ఇవన్నీ కలిపి హ్యాష్ చేసి, అంటే వేలిముద్ర లాంటి ఒక చిన్న సంఖ్యగా కుదించి, దాని మీద ప్రైవేట్ కీతో సంతకం పెడతారు. దారిలో ఎవరైనా మొత్తంలో ఒక్క అంకె మార్చినా, గ్రహీత చిరునామా మార్చినా హ్యాష్ మారిపోతుంది, సంతకం సరిపోలదు. మొదటి నోడ్ దగ్గరే ఆ లావాదేవీ ఆగిపోతుంది.

దీనికి మైనింగ్ అవసరమే లేదన్నది గమనించండి. ప్రపంచంలోని మైనింగ్ యంత్రాలన్నీ ఒకరి చేతిలో ఉన్నా, మీ కీ లేకుండా మీ డబ్బు ఖర్చు చేయలేరు. కానీ సంతకంతో తేలని ప్రశ్న ఒకటుంది. కీ ఉన్న మనిషే ఒకే మొత్తాన్ని ఒకసారి అమ్మకందారుకు, మరోసారి తన సొంత చిరునామాకు పంపుతూ రెండు లావాదేవీల మీద సంతకం పెడితే? రెండు సంతకాలూ అసలైనవే. వాటిలో ఏది ముందన్నది తేల్చడానికే మిగతా ఏర్పాటంతా.

ఫీజు తక్కువ పెట్టాను, లావాదేవీ గంటల తరబడి పెండింగ్‌లో ఉంది. డబ్బు పోయినట్టేనా?

పోలేదు. బ్లాక్‌లో చేరని లావాదేవీలు నోడ్ల దగ్గర మెంపూల్ అనే నిరీక్షణ జాబితాలో ఉంటాయి. మైనర్లు సాధారణంగా చూసేది పంపే మొత్తాన్ని కాదు, లావాదేవీ ఆక్రమించే చోటుకు ఎంత ఫీజు వస్తోంది అన్నదాన్ని. సెగ్‌విట్ అనే ఇప్పటి రకం చిరునామాల మధ్య, ఒక మొత్తాన్ని ఖర్చు చేసి రెండు మొత్తాలు పుట్టించే మామూలు చెల్లింపు సుమారు 141 వర్చువల్ బైట్లు ఉంటుంది. బైట్‌కు 5 సతోషీల చొప్పున పెడితే ఫీజు 705 సతోషీలు. ఒక బిట్‌కాయిన్ అంటే 10 కోట్ల సతోషీలు. అందరూ 20 పెడుతున్న రోజు 5 పెట్టినది వెనకబడిపోతుంది. చిన్న చిన్న మొత్తాలు చాలా కూడబెట్టి ఖర్చు చేస్తే బైట్లు పెరుగుతాయి, ఫీజూ పెరుగుతుంది.

దీనికి రెండు దారులున్నాయి. పంపినవారు అదే పాత మొత్తాన్ని ఖర్చు చేస్తూ ఎక్కువ ఫీజుతో మరో లావాదేవీ పంపవచ్చు. చాలా వాలెట్లలో ఫీజు పెంచే బటన్ చేసేది ఇదే. అందుకున్నవారైతే తమకు రావలసిన ఆ పెండింగ్ మొత్తాన్నే ఖర్చు చేస్తూ, పెద్ద ఫీజుతో ఇంకో లావాదేవీ పంపవచ్చు. రెండో దాని ఫీజు కావాలంటే మైనర్ మొదటిదాన్ని కూడా బ్లాక్‌లో చేర్చుకోక తప్పదు.

బిట్‌కాయిన్ కోర్ సాఫ్ట్‌వేర్ మామూలు సెట్టింగ్‌లో 336 గంటలు, అంటే 14 రోజులు దాటిన లావాదేవీని మెంపూల్ నుంచి తీసేస్తుంది. అంతమాత్రాన అది రద్దయిందని అనుకోకండి. సంతకం చెల్లుతూనే ఉంటుంది, ఎవరైనా దాన్ని మళ్లీ ప్రసారం చేయవచ్చు. నిజంగా రద్దు చేయాలంటే అదే పాత మొత్తాన్ని మీ చిరునామాకే పంపుకుని, ఆ లావాదేవీ బ్లాక్‌లో చేరేదాకా చూడాలి.

## బ్లాక్‌లో చేరే దశ

బ్లాక్‌లు ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉంటాయి?

ప్రతి బిట్‌కాయిన్ బ్లాక్‌కు 80 బైట్ల హెడర్ ఉంటుంది. అందులో ఆరు వివరాలు: వెర్షన్, ముందరి బ్లాక్ హెడర్ హ్యాష్, ఈ బ్లాక్‌లోని లావాదేవీలన్నిటి మర్కిల్ రూట్, సమయం, హ్యాష్ దాటకూడని పరిమితి అయిన టార్గెట్, మైనర్ మార్చుకుంటూ పోయే సంఖ్య అయిన నాన్స్. ముందరి బ్లాక్ హ్యాష్ ఇందులో ఉండటమే గొలుసు ముడి.

మర్కిల్ రూట్ ఇలా వస్తుంది. లావాదేవీల హ్యాష్‌లను రెండేసి చొప్పున జతచేసి మళ్లీ హ్యాష్ చేస్తారు. వచ్చిన వాటిని మళ్లీ జతచేస్తారు. చివరికి 32 బైట్ల ఒకే హ్యాష్ మిగిలేదాకా ఇలా సాగుతుంది. దీనివల్ల ఒక వెసులుబాటు ఉంది. 2,000 లావాదేవీలున్న బ్లాక్‌లో మీది కూడా ఉందని రుజువు చేయడానికి 11 హ్యాష్‌లు, అంటే 352 బైట్లు చాలు. ఫోన్‌లోని తేలికపాటి వాలెట్లు మొత్తం బ్లాక్ దించుకోకుండానే ఈ రుజువును సరిచూడగలవు.

పాత బ్లాక్‌లో ఒక అంకె మారిస్తే ఏమవుతుంది?

170వ బ్లాక్‌లో ఫిన్నీకి వెళ్లిన 10ని ఎవరో తమ నోడ్‌లో 11గా మార్చారనుకోండి. లావాదేవీ హ్యాష్ మారుతుంది. దాంతో మర్కిల్ రూట్, దాంతో 170వ హెడర్ హ్యాష్ కూడా మారిపోతాయి. 171వ బ్లాక్‌లో రాసి ఉన్న ముందరి హ్యాష్ ఇప్పుడు దేనికీ సరిపోలదు. గొలుసు అక్కడ తెగిపోయింది. దాన్ని మళ్లీ అతికించాలంటే 170 నుంచి ఈనాటి దాకా ప్రతి బ్లాక్‌నూ కొత్తగా మైనింగ్ చేయాలి.

అంత పనీ చేసినా ప్రయోజనం లేదు. 11గా మార్చిన లావాదేవీ మీద పాత సంతకం చెల్లదు కాబట్టి మిగతా నోడ్లు ఆ గొలుసును చూడగానే తిరస్కరిస్తాయి. ఎంత మైనింగ్ బలం ఉన్నవాళ్లయినా గతంలో చేయగలిగేది ఒక్కటే: ఒక లావాదేవీని తొలగించడం, లేదా దాని చోట తమ సొంత సంతకం ఉన్న మరో లావాదేవీని పెట్టడం. దాడి అంటే పరాయివాళ్ల ఖాతా పద్దు దిద్దడం కాదు, తాను చేసిన చెల్లింపును తానే వెనక్కి లాక్కోవడం.

మైనర్లు తలచుకుంటే తమకు ఇష్టమొచ్చినన్ని కాయిన్లు రాసుకోలేరా?

రాసుకోవచ్చు, కానీ ఆ బ్లాక్‌ను ఎవరూ తీసుకోరు. ప్రతి పూర్తి నోడ్ ప్రతి బ్లాక్‌నూ సొంతంగా సరిచూస్తుంది. బహుమతి నియమం దాటిందా, ఖర్చు చేసిన మొత్తాలు నిజంగా ఉన్నాయా, సంతకాలు చెల్లుతున్నాయా అని చూసి, ఏ ఒక్కటి తప్పినా బ్లాక్‌ను పారేస్తుంది. బ్లాక్‌కు 50 బిట్‌కాయిన్లతో మొదలైన బహుమతి ప్రతి 2,10,000 బ్లాకులకూ సగమవుతూ, 2024 ఏప్రిల్‌లో 8,40,000వ బ్లాక్ దగ్గర 3.125కు చేరింది. ఆ దశలో 3.126 రాసుకున్న మైనర్ కరెంటు ఖర్చు వృథా, చేతికి దక్కేది సున్నా.

నోడ్ల తనిఖీలో లోపం ఉంటే మాత్రం మైనింగ్ కాపాడలేదు. 2010 ఆగస్టు 15న 74,638వ బ్లాక్‌లో ఒక లావాదేవీ దాదాపు 18,400 కోట్ల బిట్‌కాయిన్లను పుట్టించింది. రెండు భారీ మొత్తాలను కూడినప్పుడు సంఖ్య తన పరిమితి దాటి తిరగబడి చిన్నదిగా కనిపించింది, సాఫ్ట్‌వేర్ అది గమనించలేదు. కొన్ని గంటల్లోనే తనిఖీని సరిదిద్దిన వెర్షన్ వచ్చింది. దాన్ని నడిపిన మైనర్లు ఆ బ్లాక్‌ను వదిలేసి, దాని ముందరి బ్లాక్ నుంచి కొత్త గొలుసు కట్టారు. అది పాతదాన్ని దాటగానే ఆ దొంగ కాయిన్లు లెడ్జర్‌లోంచి మాయమయ్యాయి.

## మైనింగ్ దశ

మైనింగ్ అంటే కష్టమైన లెక్కలు చేయడమేనా?

కాదు, లెక్క చాలా సులువు. 80 బైట్ల హెడర్‌ను ఎస్‌హెచ్‌ఏ-256తో రెండుసార్లు హ్యాష్ చేస్తారు. వచ్చిన సంఖ్య టార్గెట్ కంటే పెద్దది కాకపోతే బ్లాక్ దొరికినట్టు. పెద్దదైతే నాన్స్ మార్చి మళ్లీ. హ్యాష్ ఎలా వస్తుందో ముందుగా ఊహించే మార్గం ఏదీ లేదు కాబట్టి, ప్రయత్నాల సంఖ్య తప్ప మరో దారి లేదు. ఇది పాచికలు వేయడం లాంటిది: ఇంతకుముందు ఎన్నిసార్లు వేశారన్నది తర్వాతి పందేన్ని ఏమాత్రం ప్రభావితం చేయదు.

బిట్‌కాయిన్ మొట్టమొదటి బ్లాక్ నాన్స్ 2083236893. దాని హ్యాష్:

```
000000000019d6689c085ae165831e934ff763ae46a2a6c172b3f1b60a8ce26f
```

అప్పటి టార్గెట్‌కు ముందు 8 సున్నాలు ఉంటే చాలు, దీనికి 10 వచ్చాయి. ఆ స్థాయిలో ఒక బ్లాక్‌కు సగటున 429 కోట్ల ప్రయత్నాలు కావాలి. ఇంత పెద్ద పనిని సరిచూడటానికి మాత్రం నోడ్‌కు రెండు హ్యాష్‌లు చాలు. మైనింగ్ పనికొచ్చేది ఈ తేడా వల్లే.

నాన్స్‌కు ఉన్న చోటు 4 బైట్లే, అంటే మొత్తం 429 కోట్ల విలువలు. సెకనుకు 100 లక్షల కోట్ల హ్యాష్‌లు చేసే నేటి యంత్రం వాటిని సెకనులో 20 వేలవ వంతు సమయంలోనే ముగించేస్తుంది. అందుకే మైనర్లు బహుమతి లావాదేవీలో అదనపు అంకెలు పెట్టి, వాటిని మారుస్తూ మర్కిల్ రూట్‌ను మారుస్తారు. అలా కొత్త హెడర్ వస్తుంది, నాన్స్‌లన్నీ మళ్లీ మొదటి నుంచి వాడుకోవచ్చు.

యంత్రాలు పెరిగినా బ్లాక్ సగటున పది నిమిషాలకే ఎలా వస్తుంది?

ప్రతి 2,016 బ్లాకులకు ఒకసారి ప్రతి నోడ్ టార్గెట్‌ను తానే లెక్కగట్టి సరిచేస్తుంది. పది నిమిషాల చొప్పున 2,016 బ్లాకులకు పట్టాల్సిన సమయం 14 రోజులు, అంటే 12,09,600 సెకన్లు.

```
new_target = old_target × actual_seconds / 1209600
```

బ్లాకులు 12 రోజుల్లోనే వచ్చేస్తే టార్గెట్ చిన్నదవుతుంది, మైనింగ్ కష్టమవుతుంది. 16 రోజులు పడితే తేలికవుతుంది. ఒక్కసారిలో నాలుగు రెట్లకు మించి అటూ ఇటూ కదలదు. 2021లో చైనా మైనింగ్‌ను నిషేధించాక యంత్రాలు పెద్ద ఎత్తున ఆగిపోయాయి. ఆ ఏడాది జూలై 3న మైనింగ్ కష్టాన్ని కొలిచే డిఫికల్టీ ఒక్కసారే దాదాపు 28 శాతం పడింది. సర్దుబాటు జరిగేదాకా బ్లాకులు ఆలస్యంగా వచ్చాయి, అంతే తప్ప లెడ్జర్ ఆగలేదు.

గంట దాటినా కొత్త బ్లాక్ రాలేదు. నెట్‌వర్క్ ఆగిపోయిందా?

ఆగకపోవచ్చు. పది నిమిషాలన్నది సగటు మాత్రమే. అరగంట దాటే విరామం ప్రతి ఇరవై బ్లాకుల్లో ఒకదానికి వస్తుంది. గంట దాటేది దాదాపు 400లో ఒకటి. రోజుకు 144 బ్లాకులు కాబట్టి మూడు రోజులకోసారి అలాంటిది కనబడటం మామూలే. ఇప్పటికే 40 నిమిషాలు గడిచాయి కాబట్టి ఇక వచ్చేస్తుంది అన్న లెక్క కూడా పనికిరాదు. ఆ క్షణం నుంచి కూడా సగటు నిరీక్షణ పది నిమిషాలే.

అనుమానముంటే ముందు మీ నోడ్‌నే చూడండి. `bitcoin-cli getblockcount` ఇచ్చే సంఖ్య వేరే నోడ్లు లేదా ఎక్స్‌ప్లోరర్లు చూపేదాని కంటే వెనకబడి ఉంటే సమస్య మీ వైపే. చాలాసార్లు కనెక్షన్ తెగడమో, డిస్క్ నిండిపోవడమో కారణం.

## చెల్లింపు ఖాయమయ్యే దశ

ఆరు కన్ఫర్మేషన్లు అని ఎందుకంటారు? ఒకటి చాలదా?

లావాదేవీ చేరిన బ్లాక్ ఒక కన్ఫర్మేషన్, దాని మీద పేరుకునే ప్రతి బ్లాక్ మరొకటి. ఎన్ని కావాలన్నది ఎదుటివాడి బలాన్ని బట్టి ఉంటుంది. దాడి ఎలా సాగుతుందో చూద్దాం. కొనుగోలుదారు మీకు చెల్లిస్తాడు. అదే సమయంలో, అదే మొత్తాన్ని తన చిరునామాకే పంపుకునే లావాదేవీతో రహస్యంగా వేరే గొలుసు మైనింగ్ చేస్తుంటాడు. మీరు సరుకు ఇచ్చేశాక, తన గొలుసు మీరు చూస్తున్నదాన్ని మించితే బయటపెడతాడు. ఎక్కువ పని జరిగిన గొలుసునే నోడ్లు అంగీకరిస్తాయి కాబట్టి మీకు వచ్చిన చెల్లింపు లెడ్జర్‌లోంచి పోతుంది.

2008లో సతోషీ రాసిన బిట్‌కాయిన్ పత్రంలోనే ఈ లెక్క ఉంది. మొత్తం మైనింగ్ బలంలో 10 శాతం ఉన్న దాడిదారు ఒక కన్ఫర్మేషన్ తర్వాత గెలిచే అవకాశం దాదాపు 20 శాతం. రెండు బ్లాకుల తర్వాత 5 శాతం. ఆరు తర్వాత 0.024 శాతం. ఆరు అన్న అలవాటుకు ఈ లెక్క బాగా సరిపోతుంది. అదే 30 శాతం బలమున్నవాడైతే ఐదు బ్లాకుల తర్వాత కూడా దాదాపు 18 శాతం, పది తర్వాత 4 శాతం అవకాశం ఉంటుంది.

అందుకే ఆరు అన్నది మంత్రం కాదు. చిన్న మొత్తానికి ఒకటి చాలు, ఎందుకంటే దాడికి పెట్టే కరెంటు ఖర్చు ఆ లాభాన్ని మించిపోతుంది. పెద్ద మొత్తమైతే, దాన్ని కాజేయడానికి ఎంత ఖర్చు పెట్టినా గిట్టుబాటు అవుతుందా అని ఆలోచించి ఎక్కువ ఆగాలి. బ్లాక్‌లో అసలు చేరని చెల్లింపును నమ్మి సరుకు ఇవ్వడం మాత్రం ఎప్పుడూ ప్రమాదమే.

51 శాతం దాడి నిజంగా ఎక్కడైనా జరిగిందా?

సగానికి పైగా మైనింగ్ బలంతో చేసే ఈ దాడి జరిగింది, చిన్న చెయిన్ల మీద. 2018 మేలో బిట్‌కాయిన్ గోల్డ్, 2019 జనవరిలోనూ మళ్లీ 2020 ఆగస్టులోనూ ఎథీరియం క్లాసిక్ దెబ్బతిన్నాయి. 2020 ఆగస్టులో వేల బ్లాకులు ఒక్కసారిగా మారిపోయాయి. అక్కడ ఆరు కన్ఫర్మేషన్లు చూసుకున్నవాళ్లకూ రక్షణ దొరకలేదు.

కారణం అర్థం చేసుకోవాల్సిందే. ఎథీరియం క్లాసిక్‌కు పనికొచ్చే యంత్రాలు వేరే పెద్ద చెయిన్ కోసం కూడా నడుస్తుండేవి, వాటి బలాన్ని గంటల లెక్కన అద్దెకు తెచ్చుకోవచ్చు. దాడి ముగిశాక యంత్రాలు తిరిగి ఇచ్చేయడమే, చెయిన్ విలువ పడిపోయినా దాడిదారుకు నష్టం లేదు. బిట్‌కాయిన్ యంత్రాలు ఎస్‌హెచ్‌ఏ-256కు తప్ప మరి దేనికీ పనికిరావు. వాటి యజమాని తన గొలుసును తానే పాడుచేస్తే తన పెట్టుబడే పనికిరాని ఇనుము అవుతుంది. ఒక చెయిన్ ఎంత భద్రమో అడిగేటప్పుడు శాతం కంటే ముందు అడగాల్సింది ఇది: సగం బలాన్ని ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకోవడం సాధ్యమేనా?

## స్టేకింగ్ దశ

స్టేకింగ్‌లో మైనింగ్ లేదు కదా, మరి బ్లాక్ ఎవరు రాస్తారు?

ఎథీరియం 2022 సెప్టెంబర్ 15న మైనింగ్ వదిలి స్టేకింగ్‌కు మారింది. ఎథీరియం కాయిన్ పేరు ఈథర్. కనీసం 32 ఈథర్‌ను స్టేక్‌గా తాళం వేసి పెట్టినవాళ్లు వాలిడేటర్లవుతారు. సమయాన్ని 12 సెకన్ల స్లాట్లుగా, 32 స్లాట్లను ఒక ఈపాక్‌గా విభజించారు. ఒక ఈపాక్ అంటే 6.4 నిమిషాలు. ప్రతి స్లాట్‌కూ ఒక వాలిడేటర్‌ను యాదృచ్ఛికంగా ఎంపిక చేస్తారు, ఆ బ్లాక్ ప్రతిపాదించేది ఆ వాలిడేటరే. ఎక్కువ స్టేక్ ఉన్నవాళ్లకు ఎక్కువసార్లు వంతు వస్తుంది. వాలిడేటర్లందరూ ఈపాక్‌కు ఒకసారి చొప్పున, తాము చూస్తున్న గొలుసు ఏదో చెబుతూ సంతకంతో ఓటు వేస్తారు.

మైనింగ్‌లో తప్పుడు గొలుసు మీద పనిచేస్తే కరెంటు పోతుంది. ఇక్కడ సంతకం పెట్టడానికి ఖర్చేమీ లేదు, కాబట్టి రెండు గొలుసులకూ ఓటు వేసేయాలనిపించడం సహజం. తాళం వేసిన ఈథర్ ఉన్నది ఆ ఆశకు అడ్డుకట్టగానే. రెండు ఓట్లు వేసినట్టు సంతకాలే సాక్ష్యమిస్తాయి, స్టేక్‌లో కోత పడుతుంది.

ఎథీరియంలో లావాదేవీ ఖాయమైందని ఎప్పుడు అనుకోవచ్చు?

ఫైనలైజ్ అయినప్పుడు. అంతా సవ్యంగా ఉంటే సుమారు 13 నిమిషాలు. ప్రతి ఈపాక్ మొదట్లో ఒక చెక్‌పాయింట్ ఉంటుంది. మొత్తం స్టేక్‌లో మూడింట రెండు వంతులు ఒక చెక్‌పాయింట్‌కు ఓటు వేస్తే అది జస్టిఫైడ్. దాని వెంటనే వచ్చే చెక్‌పాయింట్ కూడా అలాగే జస్టిఫై అయితే మొదటిది ఫైనలైజ్డ్.

దీని బలం ఒక కూడికతో తెలుస్తుంది. మొత్తం స్టేక్ 300 అనుకుందాం. ఒకదానికొకటి పొసగని రెండు గొలుసులు రెండూ ఫైనలైజ్ కావాలంటే ఒక్కోదానికి 200 ఓట్లు కావాలి, మొత్తం 400. ఉన్నవి 300 మాత్రమే. అంటే కనీసం 100 రెండు వైపులా ఓటు వేసి ఉండాలి. ఆ 100 ఎవరివో సంతకాలు చెప్పేస్తాయి, వాటిని కోయవచ్చు. మైనింగ్ దాడి జరిగితే దాడిదారు ఎవరో తెలియకపోవచ్చు, యంత్రాలు మళ్లీ దాడికి సిద్ధంగానే ఉంటాయి. ఇక్కడ దోషి ఎవరో తెలుస్తుంది, దాడికి వాడిన ఆయుధమూ పోతుంది.

ఇంట్లో కరెంటు పోతే నా స్టేక్ కోసేస్తారా?

కోయరు. ఆఫ్‌లైన్‌లో ఉండటం, స్లాషింగ్ అనే కోత రెండూ వేర్వేరు. ఆఫ్‌లైన్‌లో ఉన్నంతసేపు, ఆన్‌లైన్‌లో ఉంటే ఎంత సంపాదించేవారో సుమారు అంత పోతుంది. ఒక రోజు ఆగిపోతే మరో రోజు నడిపి దాదాపు పూడ్చుకోవచ్చు.

స్లాషింగ్ పడేది మూడు తప్పులకే: ఒకే స్లాట్‌కు రెండు బ్లాకులు ప్రతిపాదించడం, ఒకే ఈపాక్‌కు రెండు వేర్వేరు ఓట్లు వేయడం, తన పాత ఓటును చుట్టుముట్టేలా మరో ఓటు వేయడం. ఇంట్లో నడిపేవాళ్లు వీటిలో పడేది దాదాపు ఎప్పుడూ ఒకే దారిలో. కరెంటు పోతుందేమోనన్న భయంతో అదే కీని రెండో యంత్రంలోనూ పెడతారు. మొదటిది తిరిగి లేస్తుంది. రెండూ ఒకే కీతో సంతకం పెడతాయి. ఆ జాగ్రత్తే ప్రమాదం తెస్తుంది.

యంత్రం మార్చాల్సి వస్తే పాతదాన్ని ఆపి, అందులోంచి కీని పూర్తిగా తీసేయండి, మళ్లీ స్టార్ట్ చేసినా లేవకూడదు. ఇప్పటికే వేటి మీద సంతకం పెట్టారో చెప్పే స్లాషింగ్ ప్రొటెక్షన్ చరిత్రను ఎగుమతి చేసుకుని, కీతోపాటు కొత్త యంత్రంలోకి దిగుమతి చేయండి. ఎక్స్‌ప్లోరర్‌లో మీ వాలిడేటర్ వరుసగా రెండు మూడు ఈపాక్‌ల ఓట్లు వేయలేదని కళ్లారా చూశాకే కొత్తదాన్ని నడపండి. ఆ ఇరవై నిమిషాల నష్టం చాలా చిన్నది.

స్లాషింగ్ పడితే ఎంత పోతుంది?

ఒక్కరే పొరపాటు చేస్తే చాలా తక్కువ, చాలామంది కలిసి చేస్తే చాలా ఎక్కువ. 2025 మేలో వచ్చిన పెక్ట్రా మార్పు తర్వాత వెంటనే పడే కోత స్టేక్‌లో 4,096వ వంతు. 32 ఈథర్ మీద అది 0.0078 ఈథర్. అంతకుముందు 32వ వంతు, అంటే 1 ఈథర్ పోయేది. కోత పడిన వాలిడేటర్‌ను బయటికి పంపే ప్రక్రియ కూడా అప్పుడే మొదలవుతుంది. డబ్బు చేతికి రావడానికి కనీసం 36 రోజులు ఆగాలి, ఆ రోజుల్లో ఆఫ్‌లైన్ జరిమానాలూ పడుతుంటాయి.

అసలు దెబ్బ సగం దారిలో, 18వ రోజు ప్రాంతంలో పడుతుంది. ఆ చుట్టుపక్కల కాలంలో మొత్తం స్టేక్‌లో ఎంత భాగం స్లాష్ అయిందో చూసి, దానికి మూడు రెట్ల శాతం కోస్తారు. మీ ఒక్కరిదే అయితే అది దాదాపు సున్నా. మూడింట ఒక వంతు స్టేక్ కలిసి తప్పు చేసి ఉంటే మొత్తం పోతుంది. దాడి చేయాలంటే కనీసం మూడింట ఒక వంతు కావాలి కాబట్టి, శిక్షను సరిగ్గా ఆ గీత దగ్గరే పూర్తి చేశారు.

సగం మంది వాలిడేటర్లు ఒక్కసారిగా ఆగిపోతే?

బ్లాకులు వస్తూనే ఉంటాయి, కానీ ఖాళీ స్లాట్లు కనిపిస్తాయి, ఫైనలైజ్ కావడం ఆగిపోతుంది, ఎందుకంటే మూడింట రెండు వంతుల ఓట్లు పడవు. నాలుగు ఈపాక్‌లకు మించి ఇలాగే ఉంటే ఇనాక్టివిటీ లీక్ మొదలవుతుంది. ఓటు వేయనివాళ్ల స్టేక్ కాలం గడిచేకొద్దీ మరింత వేగంగా కరుగుతుంది. చివరికి ఓటు వేస్తున్నవాళ్ల వాటా మూడింట రెండు వంతులు దాటుతుంది, ఫైనలైజేషన్ తిరిగి మొదలవుతుంది.

2023 మే 11న, 12న ఇది కళ్లముందే కనిపించింది. పాత చెక్‌పాయింట్లను సూచించే ఓట్లను సరిచూడటంలో కొన్ని క్లయింట్ సాఫ్ట్‌వేర్లు మెమరీ, ప్రాసెసర్ అంతా వాడేసి కుదేలయ్యాయి. రెండో రోజు గంటకు పైగా ఏదీ ఫైనలైజ్ కాలేదు. వేరే క్లయింట్లు నడిపే వాలిడేటర్లు నిలబడ్డాయి కాబట్టి బ్లాకులు, లావాదేవీలు సాగాయి. అందరూ ఒకే క్లయింట్ వాడకూడదని గట్టిగా చెప్పేది ఇందుకే. అలాంటి సమయంలో పెద్ద మొత్తం అందుకునేవాళ్లు బ్లాక్‌లో చేరిందని తృప్తిపడకుండా, ఎక్స్‌ప్లోరర్‌లో ఫైనలైజ్డ్ అని కనిపించేదాకా ఆగాలి.

ఏడాదిగా ఆపేసిన ఎథీరియం నోడ్‌ను మళ్లీ నేరుగా ఆన్ చేయవచ్చా?

చేయకండి. ఏడాది కిందట స్టేక్ వెనక్కి తీసుకుని వెళ్లిపోయినవాళ్లకు ఇప్పుడు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. వాళ్ల పాత కీలు ఎవరి చేతికైనా చిక్కితే, ఆనాటి నుంచి వేరే గొలుసును ఖర్చు లేకుండా సంతకాలతో అల్లేయవచ్చు. అప్పటి నుంచి నిద్రలో ఉన్న నోడ్‌కు రెండు గొలుసుల్లో ఏది అసలుదో సంతకాలను బట్టి తెలియదు. మైనింగ్ చెయిన్‌లో అయితే జరిగిన పనిని కొలిచి తేల్చుకోవచ్చు.

అందుకే పాత డేటాబేస్ తీసేసి, ఇటీవలి ఫైనలైజ్డ్ చెక్‌పాయింట్ నుంచి సింక్ చేయండి. ఆ చెక్‌పాయింట్ హ్యాష్‌ను ఒకే చోట నుంచి తీసుకోకుండా, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూడు చోట్ల చూసి, అక్షరం అక్షరం సరిపోల్చుకోండి. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా, ఏది సరైనదో తేలేదాకా ఆ నోడ్ చూపించే బ్యాలెన్స్‌ను నమ్మి ఏ చెల్లింపునూ అంగీకరించకండి.